లెక్కలో 10.8 లక్షలు, తేలిన నష్టం 22 లక్షలు: తప్పు ఎక్కడ?

సమస్య

బెంగళూరు చిక్‌పేటలో బట్టల వ్యాపారులకు మేము ఇచ్చిన ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతాలు 200. ఒక్కో ఖాతాకు పరిమితి 10 లక్షలు, సగటున వాడుకున్నది 4 లక్షలు. ఏడాదిలో ఖాతా మొండిపడే అవకాశం, అంటే పీడీ, 3 శాతం. మొండిపడ్డాక వసూలు కాని వాటా, అంటే ఎల్‌జీడీ, 45 శాతం. మొండిపడే రోజుకు ఉండే బాకీ ఈఏడీ. ఈ మూడింటినీ గుణిస్తే ఒక్కో ఖాతాకు అంచనా నష్టం, అంటే ఈఎల్, వస్తుంది.

```
EL = PD × LGD × EAD
0.03 × 0.45 × 4,00,000 = 5,400
```

200 ఖాతాలకు 10.8 లక్షలు. ఆ ఏడాది మొండిపడ్డ ఖాతాల వసూళ్లన్నీ ముగిశాక చూస్తే నష్టం 22.14 లక్షలు.

కారణం

ఇలాంటప్పుడు అందరూ ముందు పీడీనే అనుమానిస్తారు. అందుకే మూడింటినీ విడివిడిగా చూడాలి. మొండిపడినవి 6, అంటే సరిగ్గా 3 శాతం. వాటిలో రాని వాటా 45 శాతమే. ఇక మిగిలింది ఈఏడీ.

ఆరు ఖాతాల్లో ఒకదాని లెడ్జర్ తీశాను. ఏడాది కిందట బాకీ 3.8 లక్షలు. గిరాకీ తగ్గాక సూరత్ సరుకుకు 1.5 లక్షల చెక్కు, తర్వాత దుకాణం అద్దె, జీతాలు, చివరికి పాత అప్పుకు వడ్డీ కూడా ఇందులోంచే వెళ్లాయి. మొండిపడిన రోజుకు బాకీ 8.4 లక్షలు. చేతిలో డబ్బు ఆడనివాడు ముందు ఖాళీగా ఉన్న పరిమితినే వాడుకుంటాడు. మేమేమో ఇవాళ్టి బాకీనే ఈఏడీ అనుకున్నాం.

పరిష్కారం

మొండిపడ్డ ప్రతి ఖాతాకూ 12 నెలల ముందు బాకీ ఎంతో, మొండిపడ్డ రోజు బాకీ ఎంతో పక్కపక్కన రాయండి. మాకు సగటు 4 నుంచి 8.2 లక్షలకు పెరిగింది. వాడకుండా ఉన్న 6 లక్షల్లో 4.2 లక్షలు, అంటే 70 శాతం వాడేశారు.

```
EAD = 4,00,000 + 0.70 × 6,00,000 = 8,20,000
EL  = 0.03 × 0.45 × 8,20,000 = 11,070
```

200 ఖాతాలకు 22.14 లక్షలు. అయితే ఆరు ఖాతాల మీద 70 శాతాన్ని స్థిరపరచడం నాకు సమ్మతం కాదు, కొన్నేళ్ల ఖాతాలు కలపాలి. పరిమితి దాదాపు నిండిన ఖాతాలను వేరుగా ఉంచండి. 9.9 లక్షల బాకీ వడ్డీతో 10.4 అయితే, మిగిలిన 10 వేల మీద నిష్పత్తి 500 శాతం వస్తుంది. అలాంటిది ఒక్కటి చాలు సగటును చెడగొట్టడానికి.

ఇంకా ఒక లోటు

మా 45 శాతంలో కాలం లేదు. వసూలైన 55 శాతం సగటున మూడేళ్లకు చేతికొచ్చింది. 12 శాతం వడ్డీతో వెనక్కి లెక్కిస్తే దాని విలువ 39 శాతమే, అప్పుడు ఎల్‌జీడీ 61 శాతం, ఒక్కో ఖాతాకు నష్టం దాదాపు 15,000. ఇందుకు వసూళ్ల పట్టికలో మొత్తంతో పాటు తేదీ కూడా ఉండాలి. లాయరు ఫీజునూ అదే వరుసలో తీసివేయాలి.