సెకండ్ హ్యాండ్ బైక్ కొన్నాక పేరు మార్పు: డబ్బు ఇచ్చే ముందే చూసుకోవాల్సినవి

ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరుందా? ముందు ఇదే చూడండి. అప్పు తీరినా ఆ పేరు తనంతట తాను పోదు. ఫైనాన్షియర్, ఓనర్ ఇద్దరూ సంతకం చేసిన ఫారం 35 ఆర్‌టీఓ ఆఫీసులో ఇచ్చి తీయించాలి. "లోన్ అయిపోయిందండీ" అన్న మాట మీద డబ్బులిచ్చేస్తే బండి మీ ఇంట్లో ఉన్నా పేరు మారదు. అప్పు మిగిలుంటే బండే పోవచ్చు.

పేరు మార్పు కోసం ఇచ్చే ఫారం 29 (రెండు కాపీలు), ఫారం 30 మీద అమ్మేవారి సంతకం డబ్బు చేతులు మారే రోజే తీసుకోండి. తర్వాత ఆయన ఫోన్ ఎత్తకపోతే పని ఆగిపోతుంది.

గడువులు: ఒకే రాష్ట్రంలో జూన్ 1న కొంటే అమ్మినవారు జూన్ 15లోగా ఆర్‌టీఓకు తెలపాలి, మీరు జూలై 1లోగా దరఖాస్తు చేయాలి. వేరే రాష్ట్రం బండికి అక్కడి ఎన్‌ఓసీ, అంటే ఫారం 28 కావాలి.

ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకు మార్చమని అడగండి. లేకపోతే మీ బండికి జరిగిన నష్టానికి క్లెయిమ్ తిరస్కరిస్తారు.

కేంద్ర నిబంధనల ప్రకారం బైక్ బదిలీ ఫీజు 150 రూపాయలు. కార్డు, సర్వీస్ ఛార్జీలు వేరు. ఏజెంట్ వేలల్లో అడిగితే రసీదు చూపించమనండి.