దసరా పని బయటికి ఇచ్చే ముందు

హైదరాబాదులో ఒక్కరే కూర్చుని వెబ్‌సైట్లు చేసుకునేవాళ్లకి వినాయక చవితి దాటగానే ఫోన్లు మొదలవుతాయి. చీరల షాపు, నగల షాపు, స్వీటు షాపు, అందరికీ దసరాకల్లా సైటు కావాలి. ఒకటి రెండు పనులు ఎవరికైనా ఇచ్చేద్దాం, మెల్లగా ఏజెన్సీ పెట్టేద్దాం అనిపించేది సరిగ్గా అప్పుడే. చిక్కేమిటంటే, మనం పని అప్పగించిన కుర్రాడు కూడా పండక్కి ఊరెళ్తాడు. నాకు అదే జరిగింది. సద్దుల బతుకమ్మకి నాలుగు రోజుల ముందు అతని ఫోన్ స్విచాఫ్. కోడంతా అతని ల్యాప్‌టాప్‌లో ఉంది. ఇంట్లో అందరూ పండగ చేసుకుంటుంటే నేను ఆ సైటు మొదటినుంచి కట్టాను.

అందుకని ముందు గంటల లెక్క వేసుకోండి. షాపువాళ్లు లక్షన్నర ఇస్తామన్నారు, మీరే చేస్తే వంద గంటలు పడుతుంది అనుకుందాం. అంటే గంటకి 1,500. ఇదే పని 75 వేలకి బయటికి ఇచ్చినా, కస్టమర్‌తో మాట్లాడటం, ఏం కావాలో రాసివ్వడం, వచ్చినదాన్ని చూసి సరిచేయడం మీ మెడకే ఉంటాయి. వాటికి 30 గంటలైనా పడతాయి. తిరిగి చేయాల్సి వస్తే ఉండాలని 15 వేలు పక్కన పెడితే మీకు మిగిలేది 60 వేలు, గంటకి 2,000. ఇది ఇవ్వదగ్గ పని. అదే అతను లక్షా పదివేలు అడిగితే మీకు 25 వేలు మిగులుతాయి, గంటకి ఎనిమిది వందల చిల్లర. అంతకంటే ఆ పని వద్దనుకోవడమే నయం. చాలామంది ఆ 30 గంటల్ని లెక్కలో రాయరు. నేనూ రాయలేదు.

లాభం కాగితం మీద బాగున్నా, చేతిలో డబ్బు ఆడకపోవచ్చు. షాపువాళ్లు 40 శాతం అడ్వాన్సు ఇస్తే 60 వేలు. అందులో టీడీఎస్ 10 శాతం కోస్తే చేతికొచ్చేది 54 వేలు. కోసింది రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ ఈ దసరాకి పనికిరాదు. మిగతాది సైటు పెట్టాక ఇస్తామంటారు. పండగ అమ్మకాల హడావిడిలో అది దీపావళి దాకా సాగుతుంది. కుర్రాడికి మాత్రం 75 వేలూ పని అయిన రోజే ఇవ్వాలి, ఇవ్వకపోతే వచ్చే ఏడాది దొరకడు. ఒక పనికి మీ జేబులోంచి పెట్టేది 21 వేలు, అలాంటివి మూడైతే 63 వేలు. ఇంటద్దె, ఈఎంఐలకి మూడు నెలల సొమ్ము తీసిపెట్టాక బ్యాంకులో అంత మిగలకపోతే ఒక్క పనే తీసుకోండి. లేదా పని మధ్యలో ఇంకో విడత డబ్బు అడగండి.

జీఎస్టీ ఇంకో గుంట. తెలంగాణలో సేవలకి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. జీఎస్టీవాళ్లు చూసేది బిల్లు మొత్తాన్ని, మీకు మిగిలినదాన్ని కాదు. సొంతంగా 14 లక్షల పని చేసి, ఇంకో 8 లక్షల పని తెచ్చి బయటివాళ్లతో చేయిస్తే, ఆ ఎనిమిదిలో సగం వాళ్లకే పోయినా మీ టర్నోవర్ 22 లక్షలు. తర్వాత 18 శాతం కలిపి బిల్లు వేస్తే, రిజిస్ట్రేషన్ లేని చిన్న షాపువాళ్లకి అది అచ్చంగా ధర పెరగడమే. గీత దగ్గరపడితే ఆ షాపునే కుర్రాడికి నేరుగా డబ్బు కట్టమని, మీరు పర్యవేక్షణకి మాత్రం బిల్లు వేసుకోవచ్చు. కాకపోతే మీ రేటుకీ అతని రేటుకీ ఉన్న తేడా షాపువాళ్లకి తెలిసిపోతుంది.

కాగితం సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం జీతానికి పనిచేసే ఉద్యోగి రాసిన కోడ్ మామూలుగా యజమానిది. బయటివాడు రాస్తే రాసినవాడిదే, సంతకం పెట్టి రాసిచ్చేదాకా. వాట్సాప్‌లో ‘ఓకే అన్నా’ అన్నాడని ఊరుకోవద్దు. రాసిచ్చినా గడువు రాయకపోతే హక్కు 5 ఏళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే వర్తిస్తుంది. రెండూ రాయించండి. కోడ్ మొదటి రోజు నుంచీ మీ అకౌంట్లోకే ఎక్కించమనండి. రెండు రోజులు కొత్తగా ఏమీ ఎక్కకపోతే ఫోన్ చేయండి, నాలుగో రోజు దాకా ఆగొద్దు. షాపువాళ్లకి ఒప్పుకున్న తేదీకి పది రోజుల ముందే అతనికి గడువు పెట్టండి.

మొదటిసారి మీరు స్వయంగా చేయగల పనే ఇవ్వండి. మీకు రాని యాప్ పని ఇస్తే, అతను చేసింది బాగుందో లేదో మీకే తెలియదు.

ఇక ఏజెన్సీ అంటారా, ఈ సీజన్ చూసి మాత్రం బోర్డు కట్టకండి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా వచ్చిన పనుల్లో చేయలేక వదిలేసినవి రాసి పెట్టుకోండి. ఒకే రకం పని నెలనెలా వదులుకోవాల్సి వచ్చి ఉంటే, ఒక మనిషిని నెల జీతానికి పెట్టుకోవడానికి ఆ కాగితం చాలు. అప్పటికీ ఆఫీసు అద్దెకి తీసుకోనక్కర్లేదు, మాదాపూర్‌లో అసలే వద్దు.