అత్యవసర సంచి – మూడవ పాఠం: తేదీల చీటీ

గత రెండు పాఠాలలో సంచిని ఎంచుకోవడం, అందులో ఏమేమి సర్దాలన్నది చూశాము. సర్దిన సంచిని ఏడాది పొడవునా వాడుకకు సిద్ధంగా ఉంచడం ఈ పాఠంలోని విషయం.

చెన్నైలో ఉండేవారికి లెక్క అక్టోబరు 1న మొదలవుతుంది. ఈశాన్య ఋతుపవనాలు సాధారణంగా ఆ నెల మూడవ వారంలో వస్తాయి. 2015 నాటి పెద్ద వరద, 2023 నాటి మిచాంగ్ తుపాను వాన రెండూ డిసెంబరు మొదటి రోజులలోనే నగరాన్ని ముంచాయి. అక్టోబరు 1 తరువాత జనవరి, ఏప్రిల్, జూలై నెలల ఒకటవ తేదీలను కూడా తనిఖీ రోజులుగా గోడ క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

తనిఖీకి ఒకటే నియమం: తదుపరి తనిఖీలోపు గడువు తీరే వస్తువును ఈ తనిఖీలోనే బయటకు తీసి, ఇంట్లో వాడుకలో పెట్టి, కొత్తది సంచిలో వేయాలి. అందువల్ల సంచికి కట్టిన చీటీ మీద ముద్రించిన గడువును కాక, ఆ వస్తువును బయటకు తీయవలసిన తేదీనే రాయాలి.

వేళచ్చేరిలో నలుగురున్న ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుందాము. 2026 అక్టోబరు 1న వారు సంచిలో పెట్టిన లీటరు నీళ్ళ సీసాల మీద ఆగస్టు 12న నింపినట్లు, ఆరు నెలలలోపు వాడాలని ఉంది. అంటే ఫిబ్రవరి 11 వరకు. జనవరి 1న చూసినప్పుడు అవి ఇంకా బాగానే ఉంటాయి, కానీ తదుపరి తనిఖీ ఏప్రిల్ 1 కాబట్టి జనవరిలోనే తీసి తాగేయాలి. సెప్టెంబరు చివర నింపిన సీసాలకైనా ఇదే లెక్క వస్తుంది. ఆరు నెలల గడువున్న నీళ్ళు ఆచరణలో మూడు నెలలకే మారతాయన్నమాట. తాగేవే కాబట్టి నష్టమేమీ లేదు. నీటి కంటే సీసాయే ముందు పాడవుతుంది: ఎండ తగిలినా, ఫినాయిల్, నాఫ్తలీన్ ఉండల పక్కన ఉంచినా ప్లాస్టిక్ గుండా వాసన లోపలికి చేరుతుంది. ఇంటికి వచ్చే ఇరవై లీటర్ల క్యానును సంచి లెక్కలో వేసుకోకండి. దానిని ఎత్తుకొని మెట్లు దిగలేరు.

ఆ ఇంటి నాయనమ్మగారు రోజూ వేసుకునే రక్తపోటు మాత్రల అట్ట మీద గడువు 03/2027 అని ఉంది. నెల మాత్రమే ముద్రించి ఉంటే ఆ నెల చివరి రోజు వరకు అని అర్థం. మార్చి 31 అన్నది ఏప్రిల్ 1కి ముందే వస్తుంది కనుక ఈ అట్ట కూడా జనవరి 1నే బయటకు రావాలి. ఆమెగారు దానిని పది రోజులలో వాడేస్తారు. కొత్తగా కొన్న అట్ట సంచిలోకి వెళుతుంది. ఇందుకోసం పది రోజుల మాత్రలు అదనంగా రాయమని వైద్యుని ముందే అడగాలి. అట్టను కత్తిరిస్తే తేదీ ఉన్న కొస దుకాణంలోనే మిగిలిపోవచ్చు కాబట్టి సంచి కోసం నిండు అట్టనే కొనండి. ఓఆర్ఎస్ పొట్లాలు రోజూ వాడేవి కావు. వాటి గడువు 2028 జనవరి అయితే, 2027 ఏప్రిల్ తనిఖీలోనే తీసి ఆ వేసవి ఎండలకు వాడుకోవడం మేలు. ఇన్సులిన్ సంచిలో ఉండకూడదు. ఫ్రిజ్‌లోనే ఉంచి, బయలుదేరేటప్పుడు తీసుకోవలసినదిగా చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయండి.

బ్యాటరీల విషయంలో తేదీని పూర్తిగా నమ్మలేము. ఆల్కలైన్ సెల్లు మీద ఎన్నో ఏళ్ళ గడువు ఉన్నా, మన వేడిలో అది త్వరగా బలహీనపడుతుంది. టార్చిలోనే వదిలేస్తే కారి, స్ప్రింగు దగ్గర తెల్లని పొడి పేరుకుంటుంది. సెల్లులను టార్చి నుంచి తీసి, ఒకదాని కొసలు మరొకదానికి తగలకుండా విడి సంచిలో ఉంచి, ప్రతి తనిఖీలో వేసి వెలిగించి చూడాలి. కాంతి మందగిస్తే అన్నింటినీ ఒకేసారి మార్చాలి. పాత సెల్లు కొత్తదానితో కలిస్తే ముందుగా ఖాళీ అయి కారుతుంది. పవర్ బ్యాంకు వాడకపోయినా మెల్లగా దిగిపోతుంది కనుక ఈ నాలుగు రోజులలోనూ ఛార్జి చేయండి. అది ఏ మాత్రం ఉబ్బినా ఛార్జికి పెట్టక, సంచిలోంచి తీసేయండి.

సంచిని పై అంతస్తు అటక మీద పెట్టేవారున్నారు. స్లాబు కింది వేడికి మందులు, సెల్లులు రెండూ త్వరగా దెబ్బతింటాయి. నేలమీద పెడితే మొదట తడిసేది అదే. తలుపు దగ్గర, ఎండ పడని గోడకు, నడుమెత్తున తగిలించడం నాకు నచ్చిన పద్ధతి.

వచ్చే పాఠానికి ముందు మీ సంచిలోని ప్రతి వస్తువుకు తీయవలసిన తేదీని లెక్కకట్టి చీటీ సిద్ధం చేసుకోండి. తేదీ చెరిగిపోయిన మాత్రలు కనిపిస్తే ఊహించి రాయకుండా మార్చేయండి.