నియర్ మిస్ రిపోర్టు రాద్దాం – 3: తెగిన బెల్టు, పడిన డై

గత పాఠంలో సంఘటన చూసినవాళ్ల దగ్గర వివరాలు ఎలా సేకరించాలో చెప్పుకున్నాం. ఒక్కొక్కరినీ విడిగా అడగాలి, షిఫ్టు దిగి ఇంటికి పోకముందే అడగాలి, తెగిన వస్తువు స్క్రాప్ డబ్బాలోకి పోకుండా పక్కన పెట్టించాలి. ఇప్పుడు ఆ వివరాలను కాగితం మీదకి తెద్దాం. సంఘటన ఒక్కటే తీసుకుని పాఠమంతా దానితోనే నడుద్దాం. ఇది పాఠం కోసం అల్లినదే. కానీ ప్రెస్ షాపులో పనిచేసిన వాళ్లకి ఇందులో కొత్తగా అనిపించేది ఏమీ ఉండదు.

బీ షిఫ్టు, డై మార్పిడి. ర్యాక్ మీద ఉన్న కింది డైని క్రేన్‌తో ఎత్తి ప్రెస్ మీద కూర్చోబెట్టాలి. ఎత్తుతుండగా ఒక బెల్టు తెగింది, డై ఒక పక్కకి ఒరిగి నేల మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మర్నాడు ఫైల్లో చేరిన రిపోర్టు ఇది:

"నిన్న బీ షిఫ్టులో డై మార్చుచుండగా హెల్పర్ అజాగ్రత్తగా స్లింగ్ కట్టడం వల్ల స్లింగ్ తెగి డై కింద పడినది. అదృష్టవశాత్తు ఎవరికీ ఏమీ కాలేదు. సదరు కార్మికునికి కౌన్సెలింగ్ ఇవ్వడమైనది. ఇకపై అందరూ జాగ్రత్తగా పనిచేయవలెనని సూచించడమైనది."

ఇలాంటివి మీరూ చదివే ఉంటారు, బహుశా రాసి కూడా ఉంటారు. ఇందులో అబద్ధం లేదు. చిక్కేమిటంటే, దీన్ని చదివిన మెయింటెనెన్స్ ఇంజనీరుకి గానీ టూల్ రూమ్ వాళ్లకి గానీ స్టోర్స్‌కి గానీ చెయ్యాల్సిన పనేమీ దొరకదు. పని ఒక్క హెల్పర్‌కే దొరికింది, జాగ్రత్తగా ఉండడం. రేపు ఆ డైని ఇంకో హెల్పర్ ఎత్తితే అదే బెల్టు అదే చోట తెగుతుంది.

ముందుగా "అజాగ్రత్తగా కట్టడం" అన్న చోట ఆగుదాం. అది చూసిన సంగతి కాదు, చూసినదాని మీద ఇచ్చిన తీర్పు. అక్కడ కంటికి కనబడింది ఏమిటి? తెగిన బెల్టు పక్కన పెట్టించాం కాబట్టి దాన్ని తీసి చూడొచ్చు. ఆకుపచ్చ బెల్టు, లేబుల్ మీద 2 టన్నులు అని ఉంది. వాడినవి రెండు బెల్టులు, డై అడుగు నుంచి చుట్టి రెండు చివర్లూ హుక్‌కి తగిలించారు. అలా బుట్టలా పట్టినప్పుడు, హుక్ వైపు వెళ్లే బెల్టు కాళ్లు నిటారుగా ఉంటే ఒక్కో బెల్టు 4 టన్నుల దాకా మోస్తుందని ఆ లేబులే చెబుతుంది. కాళ్లు వాలుగా ఉంటే అంత రాదు. అయినా డై బరువు సుమారు 1,800 కిలోలే. అంటే లోడు ఎక్కువై తెగలేదు. తెగిన చోట చూస్తే పోగులు కుచ్చులా చెదిరి లేవు, బ్లేడుతో కోసినట్టు నీటుగా తెగాయి. ఆ కోత సరిగ్గా డై అడుగు అంచు తగిలే చోట ఉంది. పాలిస్టర్ బెల్టుకి బరువు కన్నా పదునైన అంచే పెద్ద శత్రువు. లోడుతో బిగిసిన బెల్టు అంచు మీద ఒక్క అంగుళం జారినా చాలు.

బరువు, అంచు అనే రెండు సంగతులతోనే "అజాగ్రత్త" పక్కకి పోయింది. ఇక అంచు దగ్గర అడ్డు ఎందుకు పెట్టలేదన్న ప్రశ్న మిగిలింది. దీన్ని "ఎందుకు పెట్టలేదు?" అని అడిగితే వచ్చే జవాబు "తప్పయిపోయింది సార్" అనే. నేనైతే ఇలా అడుగుతాను: "మామూలుగా ఈ డైని ఎలా ఎత్తుతారు, నిన్న దానికీ దీనికీ తేడా ఏం వచ్చింది?" ఈ ప్రశ్నకి హెల్పర్ కథ మొత్తం చెబుతాడు. మామూలుగా డై పక్కల ఉన్న మరల రంధ్రాల్లో ఐ బోల్టులు బిగించి ఎత్తుతారట. ఈ డైకి నాలుగు రంధ్రాల్లో రెండింటి మరలు అరిగాయి, బోల్టు సగంలోనే ఆగిపోతోంది. పైగా ఐ బోల్టుల సెట్టు టూల్ రూమ్‌లో ఉంది, టూల్ రూమ్ జనరల్ షిఫ్టు అయ్యాక తాళం. అందుకే కొన్నాళ్లుగా బీ, సీ షిఫ్టుల్లో ఈ డైని బెల్టులతోనే ఎత్తుతున్నారు. అంచుకి పెట్టే ప్యాడ్లు ర్యాక్ దగ్గర లేవు. గోనెపట్టా మడిచి పెట్టడం అలవాటు, నిన్న అది కూడా దొరకలేదు.

చూశారా, హెల్పర్ స్థానంలో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న రిగ్గర్‌ని నిలబెట్టినా, తాళం వేసిన టూల్ రూమ్, అరిగిన మరలు, ఎదురుచూస్తున్న ప్రెస్ ఉంటే, అతనూ దాదాపు అదే చేస్తాడు. రాసే ముందు ఈ పరీక్ష ఒకసారి చేసుకోండి. "ఇంకెవరైనా అదే చేసేవాళ్లు" అని తేలితే ఆ మనిషి రిపోర్టులో కారణం కాదు, సాక్షి. తేలకపోతే, ఉదాహరణకి తమాషా కోసం క్రేన్ లిమిట్ స్విచ్ కట్టేసినవాడి సంగతైతే, అది నియర్ మిస్ ఫారంలో తేలేది కాదు. ఆ విచారణ వేరు. రెంటినీ ఒకే కాగితంలో కలిపితే మర్నాటి నుంచి ఫారం ముట్టుకునేవాళ్లుండరు.

ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది, ఈ పాఠం వరకు వచ్చినవాళ్లే ఎక్కువగా పడే గొయ్యి. హెల్పర్ని వదిలేశాం కదా అని "యాజమాన్యం నిర్లక్ష్యం వల్ల టూల్ రూమ్ మూసి ఉన్నది" అని రాస్తారు. అదీ తీర్పే, వేలు పైవాళ్ల వైపు తిరిగిందంతే. టూల్ రూమ్ ఇన్‌చార్జి ఆ వాక్యం చదివి ఐ బోల్టులు పంపడం మాని సమాధానం రాయడం మొదలెడతాడు. "టూల్ రూమ్ సాయంత్రం మూసేస్తారు, ఐ బోల్టుల సెట్టు లోపల ఉంటుంది" అని రాస్తే అతను కాదనలేడు, కోపం తెచ్చుకోవాల్సిన అవసరమూ ఉండదు.

తరువాత "అదృష్టవశాత్తు ఎవరికీ ఏమీ కాలేదు" అన్న వాక్యం. నిజానికి రిపోర్టులో ఎక్కువ విలువైన సమాచారం ఉండాల్సిన చోటు ఇదే. దెబ్బ తగలకుండా ఆపింది ఏది? మనం కావాలని పెట్టిన అడ్డా, లేక అలా జరిగిపోయిందా? మన సంఘటనలో హెల్పర్ డై ఊగకుండా మూలని చేత్తో పట్టుకున్నాడు. పెండెంట్ పట్టుకున్న ఆపరేటర్ ఏదో అడిగితే వినబడక, అతని వైపు రెండడుగులు వేశాడు. అప్పుడే బెల్టు తెగింది. అంటే ఆపినది ఏ నియమమూ కాదు, ఏ పరికరమూ కాదు. ఊగకుండా పట్టుకోవడానికి తాడు కట్టి ఉంటే అతని చెయ్యి డై మీద ఉండేదే కాదు. "అదృష్టం" అని రాసి ఊరుకుంటే ఈ తాడు సంగతి ఎప్పటికీ బయటపడదు.

ఇప్పుడు తిరిగి రాద్దాం.

"బీ షిఫ్టులో కింది డైని (సుమారు 1,800 కిలోలు) ర్యాక్ నుంచి ప్రెస్‌కి మార్చుతున్నాం. 2 టన్నుల బెల్టులు రెండు డై అడుగు నుంచి చుట్టి ఎత్తాం. డై నేల నుంచి సుమారు 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉండగా ప్రెస్ వైపు బెల్టు తెగింది, డై ఆ పక్కకి ఒరిగి పడింది. బెల్టు డై అడుగు అంచు తగిలే చోట నీటుగా కోసుకుపోయి ఉంది; సేఫ్టీ ఆఫీసు దగ్గర ఉంచాం. ఈ డైని ఐ బోల్టులతో ఎత్తాలి. నాలుగు రంధ్రాల్లో రెండింటి మరలు అరిగి బోల్టు పూర్తిగా ఎక్కడం లేదు. ఐ బోల్టుల సెట్టు టూల్ రూమ్‌లో ఉంటుంది, సాయంత్రం తరువాత అందదు. అందువల్ల బీ, సీ షిఫ్టుల్లో బెల్టులతో ఎత్తడం జరుగుతోంది. ర్యాక్ దగ్గర అంచు ప్యాడ్లు లేవు. పడటానికి కొద్ది క్షణాల ముందు హెల్పర్ చెయ్యి డై మూల మీద ఉంది. ఆపరేటర్ మాట వినడానికి పక్కకి రావడంతో తప్పింది. ఊగకుండా పట్టే తాడు వాడలేదు. ప్రస్తుతం ఆ డై అదే స్థితిలో ర్యాక్ మీద ఉంది, రేపు సీ షిఫ్టులో మళ్లీ ఎత్తాలి."

చివరి వాక్యాన్ని వదలకండి. ముప్పు ఇంకా ఉందా, ఎప్పుడు మళ్లీ ఎదురవుతుంది అన్నది చెబితేనే ఈ కాగితాన్ని నెలాఖరు మీటింగ్ దాకా ఎవరూ ఆపరు. పేర్లు రాయలేదన్నది కూడా గమనించండి. హెల్పర్, ఆపరేటర్ అంటే సరిపోయింది. చిన్న షాపులో ఎవరో అందరికీ తెలుసు, నిజమే. అయినా ఫైల్లో పేరు నిలిచిపోదు.

ఈ రిపోర్టు నుంచి పనులు వాటంతట అవే రాలతాయి. రేపటి సీ షిఫ్టు లోపల అంచు ప్యాడ్లు, పట్టే తాడు ర్యాక్ దగ్గరికి రావాలి. ఆ వారంలో అరిగిన మరలు బాగుచేయాలి. లిఫ్టింగ్ సెట్టుని టూల్ రూమ్ నుంచి తెచ్చి ర్యాక్ దగ్గరే పెట్టాలి. ఒక జాగ్రత్త: మామూలు ఐ బోల్టుని పక్కకి లాగితే దాని బలం బాగా తగ్గుతుంది, కాబట్టి డై పక్కల రంధ్రాలకి తిరిగే రకం లిఫ్టింగ్ రింగులు కొనమని అడగడం మంచిది. ప్రతి పనికీ ఎవరు, ఎప్పటిలోగా అని పక్కన రాయాలి. ఏ సూచన వచ్చినా దాన్ని ఒకే కొలతతో చూడండి: అదే మనుషులు, అదే తొందర, అదే రాత్రి మళ్లీ వస్తే ఇది డై పడకుండా ఆపుతుందా? "టూల్‌బాక్స్ టాక్ పెట్టాలి" అన్నది ఈ కొలతకి నిలవదు. అంచు దగ్గర అడ్డు పెట్టాలని హెల్పర్‌కి ముందే తెలుసు.

రాతకి ఒక హద్దుంది. ఎంత చక్కగా రాసినా, రిపోర్టు ఇచ్చినవాడికి మెమో వెళ్తే తరువాతి రిపోర్టు రాదు. విమానరంగంలో అమెరికా ఈ ముడిని 1976లో విప్పుకున్న తీరు తెలుసుకోదగ్గది. పైలట్లు తమ పొరపాట్లను లైసెన్సులు ఇచ్చే ఎఫ్‌ఏఏకి కాక నాసాకి రాసి పంపుతారు. నాసా పేరున్న ముక్కని చింపి రాసినవాళ్లకే తిప్పి పంపేస్తుంది. కావాలని చేసినదో నేరమో కాకుండా, 10 రోజుల్లోపు పంపి ఉంటే, ఇంకొన్ని షరతులకు లోబడి ఎఫ్‌ఏఏ శిక్ష వేయదు. శిక్షించే చెయ్యి, చదివే కన్ను ఒకరివి కాకుండా చూశారన్నమాట. మన షాపులో అంత వ్యవస్థ కుదరదు గానీ, ఫారం షిఫ్టు ఇన్‌చార్జి ద్వారా కాకుండా నేరుగా సేఫ్టీ ఆఫీసర్‌కి వెళ్లేలా చేయడం కుదురుతుంది.

అభ్యాసం. కింది రిపోర్టుని తిరిగి రాయండి: "స్టోర్స్ గేటు దగ్గర ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ వేగంగా రివర్స్ చేయడం వల్ల ఒక కార్మికుడు తృటిలో తప్పించుకున్నాడు. డ్రైవర్‌ని హెచ్చరించడమైనది." మీ దగ్గర లేని వివరాలు ఊహించి నింపకండి. వాటి స్థానంలో ఎవరిని ఏ ప్రశ్న అడుగుతారో రాయండి. కనీసం ఒక ప్రశ్న ఆ కార్మికుడు ఆ దారినే ఎందుకు వచ్చాడన్న దాని మీద, ఒకటి డ్రైవర్‌కి వెనక ఏం కనబడుతుందన్న దాని మీద ఉండాలి. ఫోర్క్‌లిఫ్ట్ సీట్లో మీరే కూర్చుని వెనక్కి తిరిగి చూసి వస్తే ఇంకా మంచిది, ఇంజన్ ఆపి, తాళంచెవి తీసేసి, డ్రైవర్‌ని పక్కన నిలబెట్టుకుని.