జీతం పరిధి తక్కువగా ఉన్నప్పుడు నేను రాసిన జవాబు

మధురవాడలోని ఒక సంస్థ నుండి రిక్రూటర్ పంపిన ఉద్యోగ వివరం నాకు బాగా నచ్చింది. అయితే వారు చెప్పిన పరిధి ఏడాదికి 10 నుండి 12 లక్షలు, నేను ఆశించినది 14. అంతకుముందు మరో చోట ఇలాంటి సందర్భంలో "జీతం గురించి తర్వాత మాట్లాడుకుందాం" అని రాసి, మూడు ఇంటర్వ్యూలు పూర్తయ్యాక, నా మౌనాన్ని అంగీకారంగా తీసుకున్నారని తెలుసుకున్నాను. అందుకే ఈసారి మొదటి జవాబులోనే ఇలా రాశాను:

"ఈ పని నాకు ఆసక్తికరంగా ఉంది. నేను ఆశిస్తున్నది 14 లక్షలు కనుక, మీరు చెప్పిన 12 లక్షలలో స్థిర వేతనం ఎంతో, పనితీరుపై ఇచ్చే మొత్తం ఎంతో దయచేసి తెలపండి. నా ఏడేళ్ల అనుభవానికి పై గ్రేడ్ వర్తించే వీలుందేమో కూడా పరిశీలించగలరా?"

గ్రేడ్ గురించి అడగడమే ఇందులో కీలకమని నా అభిప్రాయం, ఎందుకంటే పరిధి సాధారణంగా గ్రేడ్‌కు కట్టుబడి ఉంటుంది, దాన్ని దాటే అధికారం రిక్రూటర్‌కు ఉండదు. స్థిర వేతనం 10.2 లక్షలేననీ, మిగిలినదానిలో సంస్థ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ కూడా కలిసి ఉన్నాయనీ ఆమె వివరంగా తెలిపారు. నాలుగు రోజుల తర్వాత, మేనేజర్‌తో మాట్లాడి, పై గ్రేడ్‌లో 13.5 లక్షల వరకు వీలవుతుందని రాశారు. ఆ తర్వాతే నేను ఇంటర్వ్యూకు తేదీ ఇచ్చాను.