డెలివరీ డేట్ లెక్క తేడా వస్తోందా? ఎక్కడ తప్పుతోందో చూద్దాం

గర్భవతి ఫైల్ తెరిస్తే డెలివరీ డేట్లు రెండు మూడు కనిపిస్తాయి. డాక్టర్ రాసింది ఒకటి, స్కాన్ రిపోర్టులో ఉన్నది ఇంకొకటి, ఫోన్‌లో యాప్ చూపేది మరొకటి. వీటిలో చాలా తేడాలకు కారణం సులువుగానే దొరుకుతుంది. ఒకే కేసు మీద అన్నీ చూద్దాం.

ఆమెకు ఆఖరి నెలసరి 2025 మార్చి 10న మొదలైంది. సాధారణంగా ముప్పై ఏడు రోజులకోసారి వస్తుంది. భర్త దుబాయ్‌లో ఉంటాడు, మార్చి 22న ఇంటికొచ్చాడు. మే 19న మొదటి స్కాన్ తీశారు.

సమస్య: "ఆయన వచ్చి ఎనిమిది వారాలే అయింది, డాక్టర్ పది వారాలంటోంది"

ఇంట్లో అత్తగారు వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టేది ఇక్కడే. మే 19 నుంచి పది వారాలు వెనక్కి వెళితే మార్చి 10. ఆ రోజు అబ్బాయి దుబాయ్‌లో ఉన్నాడు. పైకి ఎవరూ ఏమీ అనరు కానీ, ఇంట్లో మాటలు తగ్గిపోతాయి.

కారణం: గర్భం వారాలను బిడ్డ కడుపులో పడిన రోజు నుంచి లెక్కపెట్టరు. ఆ రోజు ఎవరికీ కచ్చితంగా తెలియదు. నెలసరి మొదలైన రోజు మాత్రం గుర్తుంటుంది కాబట్టి దాన్నే మొదటి రోజుగా పెట్టుకున్నారు. అండం విడుదలయ్యేది సుమారు రెండు వారాల తర్వాత. అంటే లెక్కలో మొదటి రెండు వారాలు అసలు గర్భమే లేదు.

పరిష్కారం: డాక్టర్ చెప్పిన వారాల్లోంచి రెండు తీసేయండి, బిడ్డ అసలు వయసు దాదాపుగా వస్తుంది. ఈ కేసులో ఆ లెక్క కూడా పూర్తిగా సరిపోదు, ఎందుకంటే ఆమె నెలసరి ఆలస్యంగా వస్తుంది. అది స్కాన్‌తో తేలుతుంది, కింద చూద్దాం. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ సంగతి కోడలు చెప్పడం కంటే డాక్టరో నర్సో చెబితే త్వరగా నమ్ముతారు.

సమస్య: చేత్తో వేస్తే డిసెంబర్ 17, యాప్‌లో డిసెంబర్ 15

కారణం: రెండూ వేర్వేరు పద్ధతులు. చేత్తో వేసేది జర్మన్ ప్రసూతి వైద్యుడు నేగెలే పేరు మీదున్న సూత్రం: నెలసరి మొదటి రోజుకు ఏడు రోజులు కలిపి, తొమ్మిది నెలలు ముందుకు వెళ్లడం. మార్చి 10కి ఏడు కలిపితే 17, తొమ్మిది నెలలు ముందుకెళితే డిసెంబర్ 17. యాప్ మాత్రం సూటిగా 280 రోజులు లెక్కపెడుతుంది. నెలలన్నీ ఒకే పొడవు కావు కదా, అందుకే మూడు రోజుల దాకా తేడా రావచ్చు.

పరిష్కారం: ఏమీ చేయనక్కర్లేదు. ఈ తేడాకు టెన్షన్ పడటం అనవసరం.

నాలుగైదు రోజుల తేడా వస్తే మాత్రం మొదటి తేదీ సరిగ్గా చెప్పారో లేదో చూసుకోండి. రాయాల్సింది రక్తస్రావం మొదలైన రోజు. కొందరు తలస్నానం చేసిన రోజు చెబుతారు, ఇంకొందరు నెల తప్పిన రోజు చెబుతారు. గుర్తు రాకపోతే పండగతో పట్టుకోండి. ఈమె కూడా అలాగే చెప్పింది: "హోలీకి నాలుగు రోజుల ముందు." ఆ ఏడాది హోలీ మార్చి 14, కాబట్టి మార్చి 10.

సమస్య: మొదటి స్కాన్‌లో వారాలు తక్కువ వచ్చాయి

ఆమె రిపోర్టులో ఉన్నది ఇది:

```
GA by LMP: 10w0d
GA by CRL: 8w5d
```

మొదటి లైను నెలసరి ప్రకారం పది వారాలు. రెండోది స్కాన్‌లో బిడ్డను తల నుంచి పిరుదుల దాకా కొలిస్తే వచ్చిన వయసు. కొలత సుమారు 21 మిల్లీమీటర్లు. `8w5d` అంటే ఎనిమిది వారాలు నిండి ఐదు రోజులు, అంటే తొమ్మిదో వారం నడుస్తోంది. తేడా తొమ్మిది రోజులు. బిడ్డ ఎదగడం లేదేమోనని చాలామంది ఇక్కడే భయపడతారు.

కారణం: 280 రోజుల లెక్క ఇరవై ఎనిమిది రోజులకోసారి నెలసరి వచ్చేవారికి సరిపోతుంది. ఈమెకు ముప్పై ఏడు రోజులు. అండం విడుదల కూడా ఆ అదనపు రోజుల మేరకు ఆలస్యమవుతుంది. అదనంగా ఉన్నది తొమ్మిది రోజులు, స్కాన్ చూపిన తేడా కూడా తొమ్మిదే. స్కాన్ ప్రకారం గర్భం పడింది ఏప్రిల్ 2 ప్రాంతంలో. భర్త వచ్చింది మార్చి 22. అత్తగారి లెక్క కూడా ఇక్కడితో తేలిపోయింది.

పరిష్కారం: ఈ దశలో స్కాన్‌ను నమ్మాలి. మొదటి మూడు నెలల్లో పిల్లలందరూ దాదాపు ఒకే తీరున పెరుగుతారు కాబట్టి కొలతను బట్టి వయసు బాగా తెలుస్తుంది. డాక్టర్లు ఎక్కువగా పాటించే పద్ధతిలో, నెలసరి లెక్క తొమ్మిది వారాల లోపు ఉంటే ఐదు రోజులకు మించి, తొమ్మిది నుంచి పద్నాలుగు వారాల మధ్య ఉంటే ఏడు రోజులకు మించి తేడా వస్తే డేట్ మారుస్తారు. ఇక్కడ తొమ్మిది రోజులు కాబట్టి మార్చారు. డిసెంబర్ 15 పోయి డిసెంబర్ 24 వచ్చింది. తేడా నాలుగు రోజులే అయ్యుంటే పాత డేటే ఉంచేవారు.

నెలసరి సరిగా రానివాళ్లు, గర్భనిరోధక మాత్రలు ఈమధ్యే ఆపినవాళ్లు, పాలిస్తుండగా మళ్లీ గర్భం దాల్చినవాళ్లు ఈ మొదటి స్కాన్ వాయిదా వేయకూడదు. వాళ్లకు నెలసరి తేదీ మీద ఆధారపడటం కష్టం. ఐవీఎఫ్ అయితే ఈ గొడవే లేదు, పిండాన్ని గర్భంలో పెట్టిన తేదీని బట్టి లెక్క వేస్తారు.

సమస్య: ఎనిమిదో నెల స్కాన్‌లో డేట్ మళ్లీ మారింది

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. డిసెంబర్ 24 లెక్కన ముప్పై రెండు వారాలప్పుడు తీసిన స్కాన్‌లో మెషిన్ ముప్పై వారాలని, డేట్ జనవరి 7 అని చూపింది. ఇంట్లో "హమ్మయ్య, ఇంకా రెండు వారాలుంది" అనుకున్నారు.

కారణం: మెషిన్‌కు వయసు తెలియదు. తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు తీసుకుని, సగటు బిడ్డకు ఈ కొలతలు ఏ వారంలో ఉంటాయో అది చూపిస్తుంది. ఈ దశకొచ్చేసరికి పిల్లలు వేర్వేరు సైజుల్లో ఉంటారు. చిన్నగా ఉన్నంత మాత్రాన వయసు తక్కువని కాదు.

పరిష్కారం: మొదటి స్కాన్‌తో ఖాయం చేసిన డేట్‌ను ఇక కదపకూడదు. "ఈ స్కాన్‌లో కొత్త డేట్ ఎంత?" అని కాదు, "డిసెంబర్ 24 లెక్కన బిడ్డ బరువు సరిపోతుందా?" అని అడగండి. రెండు వారాలు వెనకబడితే అది ఎదుగుదల గురించిన కబురు కావచ్చు. అప్పుడు డాక్టర్ రక్త ప్రసరణ చూసే డాప్లర్ రాయవచ్చు, రెండు మూడు వారాల్లో మళ్లీ కొలవమనవచ్చు. డేట్ జరిపేస్తే అంతా మామూలుగా ఉన్నట్టే కనిపిస్తుంది, ఎదగని బిడ్డ ఎవరి కంటా పడదు. స్కాన్‌కు వెళ్లిన ప్రతిసారీ మొదటి రిపోర్ట్ వెంట తీసుకెళ్లమనేది ఇందుకే.

మొదటి మూడు నెలల్లో స్కానే తీయించుకోకుండా ఆలస్యంగా వచ్చినవాళ్లకు డేట్ ఉజ్జాయింపుగానే ఉంటుంది. ఎంత ఆలస్యమైతే అంత పొరపాటుకు అవకాశం.

సమస్య: వారాలు, నెలలు కలవడం లేదు

నలభై వారాలను నాలుగుతో భాగిస్తే పది నెలలు వస్తాయి, ఇంట్లో మాత్రం తొమ్మిది నెలల తొమ్మిది రోజులు అంటారు. నెలంటే నాలుగు వారాల మీద రెండు మూడు రోజులు ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లు చెప్పేదే దగ్గర. ఆస్పత్రిలో మాత్రం వారాల్లోనే మాట్లాడండి. "ఐదో నెల" అంటే ఐదు నిండాయా, నడుస్తోందా అని మళ్లీ అడగాల్సి వస్తుంది.

సమస్య: డేట్ వచ్చింది, నొప్పులు రాలేదు

సరిగ్గా ఆ రోజునే ప్రసవించేవాళ్లు చాలా తక్కువ. ముప్పై ఏడు వారాలు నిండిన దగ్గర్నుంచి నలభై రెండు నిండేలోపు ఎప్పుడైనా కావచ్చు. ఈమెకు అది డిసెంబర్ 3 నుంచి జనవరి 7 దాకా. అయితే నలభై దాటాక డాక్టర్ చెప్పిన రోజున చెకప్‌కు వెళ్లాలి. నలభై ఒకటి దగ్గర పడితే నొప్పులు తెప్పించే విషయం వాళ్లే మాట్లాడతారు. బిడ్డ కదలికలు తగ్గినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా ఏ వారమని లెక్క చూసుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.