క్యాన్సిల్ నొక్కే ముందు క్రెడిట్లు ఖర్చు చేయండి

మా తమ్ముడు రోజూ మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి రాయదుర్గం వెళ్లేవాడు. దారంతా చెవిలో ఆడియోబుక్కే. ఇప్పుడు వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చింది, వినడం తగ్గింది. "ఇంకో వారంలో మళ్లీ 199 కట్ అవుతుంది అక్కా, ఆడిబుల్ మెంబర్‌షిప్ తీసేస్తున్నా" అన్నాడు. ఆగమని అకౌంట్ తెరిపిస్తే, నెలనెలా కట్టే డబ్బుకు బదులుగా ఒక్కో పుస్తకం కొనుక్కోవడానికి ఇచ్చే క్రెడిట్లు మూడు అలాగే ఉన్నాయి. అంటే ఎప్పుడో కట్టేసిన దాదాపు ఆరు వందలు.

క్రెడిట్ మెంబర్‌షిప్ ఉన్నంతవరకే మనది. అది ముగిస్తే మిగిలిన క్రెడిట్లూ పోతాయి. క్రెడిట్‌తో కొన్న పుస్తకం మాత్రం తర్వాత కూడా లైబ్రరీలో ఉంటుంది. కాబట్టి ముందు క్రెడిట్లను పుస్తకాలుగా మార్చుకోవాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ప్లాన్‌తో పాటు ఉచితంగా వినే పుస్తకాలు కూడా లైబ్రరీలో కొన్నవాటి పక్కనే కనిపిస్తాయి. మెంబర్‌షిప్ పోగానే వాటికి తాళం పడుతుంది, ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నా సరే. మావాడు సగం విన్న చరిత్ర పుస్తకం అలాంటిదే. ముందు అది పూర్తి చేయమన్నాను.

ఇక ఏది కొనాలి? మావాడు మొదట ఎంచుకున్న దాని ధర 149. అది డబ్బులిచ్చి కొన్నా యాభై మిగులుతుంది కదా! క్రెడిట్‌ను ఏడెనిమిది వందలు పలికే పుస్తకానికి వాడాలి. ధర చూడండి, శాంపిల్ ఐదు నిమిషాలు వినండి, చదివే గొంతు నచ్చకపోతే వదిలేయండి. హడావిడిగా కొని, మెంబర్‌షిప్ ముగిశాక వెనక్కిస్తే ఆ క్రెడిట్ తిరిగొచ్చి చేరడానికి చోటుండదు. ఇంకా విడుదల కాని పుస్తకాల జోలికి అసలు పోవద్దు.

కొన్నాక బ్యాలెన్స్ సున్నా అయిందో లేదో చూసి, ఒక్కో పుస్తకం నిమిషం పాటు ప్లే చేసి, స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆ తర్వాతే వెబ్‌సైట్‌లో లాగిన్ అయి, అకౌంట్ వివరాల్లో క్యాన్సిల్ చేయండి. మధ్యలో "తక్కువ ధరకే ఇస్తాం, ఉండండి" లాంటి పేజీలు రావచ్చు. అక్కడ ఆగిపోతే పని పూర్తి కానట్టే. రద్దయినట్టు మెయిల్ వచ్చేదాకా చూడండి.

యాప్ డిలీట్ చేస్తే మెంబర్‌షిప్ పోదు. యూపీఐలో ఆటోపే తీసేయడం కూడా రద్దు కాదు. డబ్బు కట్ కాదు గానీ, పేమెంట్ ఫెయిలై అకౌంట్ ఆగిపోతే లోపలి క్రెడిట్లు వాడుకోలేని పరిస్థితి రావచ్చు. అందుకే ఆటోపేను చివర్లో ముట్టుకోండి. రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం డబ్బు కట్ అయ్యే ముందు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. కానీ దాని కోసం ఎదురుచూస్తే పుస్తకాలు ఎంచుకునే తీరిక ఉండదు.

మావాడికి రెండు పుస్తకాలు పది నిమిషాల్లో దొరికాయి. మూడోదానికి రెండు రాత్రులు పట్టింది, చివరికి అమ్మ వింటానన్న పుస్తకం కొన్నాడు.